కారణం: ఇతరములు

వెళ్ళిపోతామన్నవాళ్ళని ఆపడం నా ఉద్యోగం. మా ఇంట్లో అలిగినవాళ్ళని బతిమాలే అలవాటు ఏ తరంలోనూ లేదు. ఎవరైనా మొహం మాడ్చుకుని బయటికి నడిస్తే, "వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యి" అంటాం, అంతే. అలాంటి ఇంట్లో పుట్టిన నన్ను తీసుకెళ్ళి టీవీ కనెక్షన్ల కంపెనీలో నిలుపుదల విభాగంలో కూర్చోబెట్టారు.

మా పని ఇలా ఉంటుంది. మీరు ఫోన్ చేసి "కనెక్షన్ ఆపేయండి" అంటే, మామూలు కస్టమర్ కేర్ వాళ్ళు మిమ్మల్ని చేతులు మార్చి మాకు అప్పగిస్తారు. వాళ్ళకి గట్టి తగ్గింపులు ఇచ్చే అధికారం ఉండదు, మాకుంటుంది. మేం మొదట తియ్యగా కారణం అడుగుతాం. మీరు చెప్పిన కారణాన్ని తెర మీద నొక్కగానే దానికి తగ్గ ఆఫర్లు కిందికి దిగుతాయి. ఖరీదు ఎక్కువంటే తగ్గింపు. చూడటం లేదంటే చిన్న ప్యాకేజీ, కాదంటే కొన్నాళ్ళు ఆపి ఉంచడం. ఇల్లు మారుతున్నామంటే కొత్త ఇంట్లో ఉచితంగా బిగింపు. అన్నిటికన్నా మంచి ఆఫర్ ఎప్పుడూ మొదట బయటికి రాదు, మీరు రెండుసార్లు వద్దన్నాకే వస్తుంది. ఆ కారణాల చిట్టచివర "ఇతరములు" అని ఒకటుంటుంది. దాన్ని నొక్కితే మా ట్రైనర్ ఒంటికాలి మీద లేస్తాడు.

"జనం మొదట చెప్పేది అసలు కారణం కాదు. తవ్వండి!" అంటాడు ఆయన, మేమేదో బావులు తవ్వే బాపతు అన్నట్టు.

నేను తవ్వలేను. ఎవరైనా "వద్దమ్మా" అంటే "సరేనండీ" అనేస్తాను. అందుకే నన్ను పక్క సీటు అమ్మాయి దగ్గర కూర్చుని ఫోన్లు వినమన్నారు. ఆమెని అందరూ తేనె అంటారు. ఆమె గొంతు విన్నాక వెళ్ళిపోవాలనుకున్నవాడు వెళ్ళడు సరికదా, పక్కింటివాడిని కూడా చేర్పిస్తాడు. నా చెవులకి ఒక హెడ్‌సెట్ తగిలించారు. నేను వినొచ్చు గాని నా మాట అవతలికి వెళ్ళదు.

ఇక మా మావయ్య సంగతి. మా అమ్మకి తమ్ముడు, క్షవరశాల ఆయనది. మూడు కుర్చీలు, ఎదురుగా గోడంతా అద్దం, మూలన అరిగిపోయిన బెంచీ. మావయ్య చేతిలో కత్తెర ఎంత ఆడుతుందో నోట్లో నాలుక అంతకు రెట్టింపు ఆడుతుంది. ఆ బెంచీ మీద జుట్టు కత్తిరించుకునేవాళ్ళ కన్నా కబుర్లకొచ్చేవాళ్ళే ఎక్కువ. అలాంటి కొట్లోకి నిరుడు టీవీ వచ్చింది, కనెక్షన్ మా కంపెనీదే.

మొదట దాన్ని వెనక గోడకి బిగించారు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అద్దంలో కనబడుతుంది కదా అని మావయ్య తెలివి. అద్దంలో స్కోరు తిరగబడి కనిపించి, ఓడుతున్న జట్టు గెలుస్తోందని సంబరపడ్డ ఒక డ్రైవరు చివరికి మావయ్య మీదే పోట్లాటకొచ్చాడు. దాంతో టీవీని ఎడమ గోడకి మార్చారు. అసలు కొంప అప్పుడు మునిగింది. గెడ్డం కింద కత్తి ఉండగానే తలలన్నీ ఎడమవైపు తిరిగేవి. మావయ్య తల సరిచేస్తాడు, అది మళ్ళీ తిరుగుతుంది. కొన్నాళ్ళకి చెవి పక్కన జుట్టు ఎడమది పైకి, కుడిది కిందికి ఉన్నవాళ్ళు వీధిలో కనిపిస్తే చాలు, ఫలానా కొట్లో చేయించుకున్నారని ఎవరైనా చెప్పగలిగే స్థితి వచ్చింది.

రోడ్డుకి అవతల గడియారాలు బాగుచేసే కొట్టుంది. అందులో ఉండే ఆయన మావయ్యకి చిన్ననాటి స్నేహితుడు. మేమంతా గడియారం బాబాయి అంటాం. కంటికి భూతద్దం పెట్టుకుని, పిసరంత పళ్ళచక్రాన్ని పట్టకారుతో సరిచేసే మనిషి. వంకర అంటే ఆయనకి ఒంటికి పడదు. ఒక రోజు జుట్టు కత్తిరించుకుని వెళ్ళి, తన కొట్లో స్కేలు పెట్టి కొలుచుకుని, మళ్ళీ రోడ్డు దాటి వచ్చాడు.

"ఒరేయ్, నా ఎడమ చెంపా కుడి చెంపా ఒకే మనిషివిలా లేవు. ఆ పెట్టె ఉన్నంతకాలం నీ గడప తొక్కను" అన్నాడు.

"దానికింత కోపమా! ఇకనుంచి నీకు ఊరికే చేస్తాలే, పైసా వద్దు" అన్నాడు మావయ్య.

బాబాయి ఆయన మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వేరే కొట్టుకీ వెళ్ళలేదు. జుట్టు పెంచడం మొదలుపెట్టాడు. మొదట చెవులు మునిగాయి, తర్వాత కాలరు మునిగింది, ఇప్పుడు భుజాల మీద పడుతోంది. రోడ్డుకి అవతల అద్దాల వెనక కూర్చుని, ఆ జుట్టుని రబ్బరుబ్యాండుతో బిగించుకుని గడియారాలు విప్పుతుంటే, కొత్తవాళ్ళు ఎవరో సన్యాసి అనుకునేవారు. అది తనమీద కోపంతో పెరుగుతున్న జుట్టని మావయ్యకి తెలుసు. తల ఎత్తితే చాలు, ఆ జుట్టే కనబడేది.

సరే, టీవీ ఆపేస్తే పోయేదిగా? ఆపడానికి మావయ్య ఫోన్ చేశాడు కూడా. బెంచీ మీదవాళ్ళు ముందే నూరిపోశారు: "ఖరీదు ఎక్కువైందని చెప్పు, దిగొస్తారు." మావయ్య చిలకలా అదే చెప్పాడు. వాళ్ళు సగం ధరకి ఇస్తామన్నారు, ఏడాది పాటు మానకూడదన్న షరతు మీద. మావయ్య ఛాతీ విరుచుకుని ఒప్పేసుకున్నాడు. కొన్ని నెలలకి బాబాయి జుట్టు చూడలేక మళ్ళీ ఫోన్ చేసి అదే కారణం చెప్పాడు. మధ్యలో మానితే దండుగ కట్టాలన్నారు, అంతలోనే బుజ్జగింపుగా క్రీడల చానళ్ళన్నీ ఉచితంగా వేశారు. దాంతో బెంచీ నిండిపోయింది, కబుర్లు మాత్రం ఆగిపోయాయి. కొట్లో ఇప్పుడు మావయ్య నోరు విప్పితే "ష్" అంటారు. తన సొంత కొట్లో, తన కత్తెర కింద తల పెట్టినవాడు!

"ఈయన్ని కూరగాయలకి పంపాలన్నా భయమేస్తోందే" అంది అత్తయ్య నాతో. "వద్దని చెప్పడానికి వెళ్ళి ఇంకో నాలుగు తెచ్చుకుంటాడు."

ఒక ఆదివారం మావయ్య నన్ను కొట్టుకి పిలిచాడు. కుర్చీలో కూర్చోబెట్టి, నేనేదో డాక్టరమ్మనన్నట్టు తను ఎదురుగా స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు.

"ఈ నెలాఖరుకి ఏడాది గడువు అయిపోతుందే. ఈసారి ఆపెయ్యాలి. కానీ నాకు తెలుసు, ఆ అమ్మాయి 'సార్, మీలాంటి పాత కస్టమర్' అంటుంది, నేను కరిగిపోతాను. ఏం చెయ్యమంటావ్?"

"నీ ఖాతా నేను ముట్టుకోకూడదు మావయ్యా. చుట్టాల పని మాకు నిషేధం. ఎవరికైనా చెప్పే మాటే నీకూ చెప్తా, వింటావా?"

"చెప్పు తల్లీ."

"వాళ్ళు ఇంకా తగ్గిస్తామంటారు. ఆ ధర కొన్నాళ్ళే, తర్వాత మామూలు ధర. అది ఒప్పుకుంటే మళ్ళీ ఏడాది కట్టుబడాలి. కాబట్టి ఎంత తగ్గిందో చూడకు. ఇవాళ ఎవడో వీధిలో ఇదే టీవీ కనెక్షన్ కొత్తగా, ఆ తగ్గించిన ధరకి అమ్ముతున్నాడనుకో. పిలిచి కొంటావా?"

మావయ్య ఎడమ గోడ వైపు చూశాడు. "ఊరికే ఇచ్చినా కొనను."

"మరి రెండుసార్లూ ఎందుకు ఒప్పుకున్నావు?"

"తగ్గించారు కదే!"

"నీ బాధ ఖరీదా?"

"కాదు."

"మరి తగ్గింపు దేనికి మందు? ఖరీదు ఎక్కువై బాధపడేవాడికి అది నిజంగా మంచిదే, హాయిగా తీసుకోవాలి. పిల్లలు కార్టూన్లు చూసే ఇంట్లో సగం ధరకి వస్తే నేనే తీసుకోమంటాను. కానీ నీ బాధ ఒకటి, నువ్వు చెప్పిన కారణం ఇంకొకటి. చెప్పినదానికే మందు వేశారు వాళ్ళు. తలనొప్పని వెళ్ళి కాలికి కట్టు కట్టించుకుని వచ్చావు."

మావయ్య రోడ్డు అవతలికి చూశాడు. అక్కడ బాబాయి తల వంచుకుని పనిచేసుకుంటున్నాడు, రబ్బరుబ్యాండు జారి జుట్టు మొహం మీద పడుతోంది.

"నేనూ వాడికి అదే చేశాను కదే" అన్నాడు. "వాడు వచ్చి బాధ చెప్పుకుంటే, ఊరికే చేస్తానన్నాను. తగ్గింపు ఇచ్చాను వెధవని."

ఆ మాటకి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మా వంశంలో తప్పు ఒప్పుకున్న మొదటి మనిషిని చూస్తున్నాను మరి.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, నేను తేనె పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. అవతల క్రికెట్ హోరు, దాని వెనక కత్తెర చప్పుడు, తర్వాత మా మావయ్య గొంతు. నేను ఎగిరిపడ్డాను. కాగితం మీద "మా మావయ్య" అని రాసి తేనె ముందుకి తోశాను. ఆమె తన మైకు ఒక్క క్షణం మూసింది.

"నువ్వు ఖాతా ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. వినకూడదని ఎక్కడా లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో" అని మళ్ళీ తేనెగా మారిపోయింది. "నమస్కారం సార్! మీరు మాకు చాలా విలువైన కస్టమర్ సార్. ఆపేయాలనుకోవడానికి కారణం తెలుసుకోవచ్చా?"

"మా గడియారాలవాడి జుట్టు భుజాల దాకా వచ్చిందమ్మా."

తేనె వేలు కారణాల మీద పైకీ కిందికీ తిరిగింది. ఖరీదు, వేరే కంపెనీ, ఇల్లు మారడం, సిగ్నల్ సమస్య, చూడకపోవడం, ఖాతాదారు మరణం. జుట్టు లేదు. అంతకు ముందు రెండుసార్లూ ఖరీదు అని రాసి ఉండటం చూసి ఆమె మొహం వెలిగింది.

"అర్థమైంది సార్. మీకోసం ప్రత్యేకంగా సగానికన్నా ఇంకా తగ్గిస్తాను."

"వద్దమ్మా."

"పోనీ సార్, మూడు నెలలు ఆపి ఉంచుదాం. ఒక్క పైసా పడదు. మూడు నెలల తర్వాత దానంతటదే మొదలవుతుంది."

మావయ్య తటపటాయించాడు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. వద్దన్నట్టూ ఉంటుంది, ఉన్నట్టూ ఉంటుంది. నేను ఒళ్ళో చేతులు నలుపుకుంటున్నాను.

"మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తుందన్నమాట" అన్నాడు మావయ్య నెమ్మదిగా. "అప్పుడు వాడు మళ్ళీ వెళ్ళిపోతాడు. వద్దు."

తేనె వీపు నిటారుగా పెట్టింది. ఆఖరి అస్త్రం బయటికి తీసింది. "సార్, ఇది అందరికీ ఇచ్చేది కాదు. ఏడాది ఉంటానంటే మొదటి ఆరు నెలలూ పూర్తిగా ఉచితం, అన్ని చానళ్ళూ."

ఫోన్ స్పీకరులో ఉంది కాబోలు, కొట్లో ఈల వినబడింది. "తీసుకో అన్నా!" అని ఒకడు, "పిచ్చోడా, ఊరికే ఇస్తుంటే!" అని ఇంకొకడు. బెంచీ మొత్తం చప్పట్లు కొట్టింది. మా కంపెనీ జీతం తింటూ, దేవుడా మా కస్టమర్ని పోనివ్వు అని మొక్కుకున్న ఉద్యోగిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"అమ్మా" అన్నాడు మావయ్య. "నువ్వు చాలా బాగా మాట్లాడుతున్నావు. నీ దగ్గర ఇన్ని ఆఫర్లున్నాయి కదా. మా వాడిని రోడ్డు దాటించి ఈ కుర్చీలో కూర్చోబెట్టే ఆఫర్ ఏదైనా ఉందా?"

తేనె వేలు ఆఫర్ల పట్టీ చివరిదాకా వెళ్ళింది. ఆపై ఏమీ లేదు. నేను ఆమె పక్కన కూర్చున్నప్పటినుంచి ఆమెకి ఆఫర్ దొరక్కపోవడం అదే మొదటిసారి.

"ఎవరు సార్ ఆయన?" అంది. ఆ గొంతులో తేనె లేదు, మామూలు ఆడపిల్ల గొంతు.

మావయ్య చెప్పాడు. అద్దంలో తిరగబడ్డ స్కోరు నుంచి మొదలుపెట్టి చెంపలు, స్కేలు, రబ్బరుబ్యాండు అన్నీ చెప్పాడు. "వాడు పొద్దున్నే వచ్చి ఆ మూల కూర్చునేవాడమ్మా. ఇద్దరం నోరు నొప్పి పుట్టేదాకా వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు రోజంతా నోరు మూసుకుని ఉంటున్నాను" అన్నాడు. తేనె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఫోన్ ఎంతసేపు సాగితే రోజు తియ్యాల్సిన ఫోన్ల లెక్క అంత తగ్గి ఆమెకి నష్టమని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

అంతా విని ఆమె కారణాల పట్టీ చివరికి వెళ్ళి "ఇతరములు" నొక్కింది. మళ్ళీ తియ్యటి గొంతుతో కాకుండా, పని తెలిసిన మనిషి గొంతుతో చెప్పింది.

"ఆపేశాను సార్. నెలాఖరు దాకా వస్తుంది, దండుగ ఏమీ లేదు. ఇప్పుడే మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, అందులో నంబరు దాచుకోండి. సెట్‌టాప్ పెట్టె మా ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవడం మరిచిపోకండి, లేకపోతే దాని ఖరీదు బిల్లులో వేస్తారు. ఇంకో మాట. కొన్నాళ్ళకి మా వాళ్ళే వేరేవాళ్ళు ఫోన్ చేసి తిరిగి రమ్మంటారు, బహుశా ఇంతకన్నా చవగ్గా. ఏం చెప్పాలో ఇప్పుడే అనుకుని ఉంచుకోండి."

"అనుకున్నానమ్మా. వాళ్ళనీ కుర్చీ ఆఫర్ ఉందా అనే అడుగుతాను."

ఫోన్ పెట్టేశాక తేనె నావైపు తిరిగింది. "ట్రైనర్‌కి చెప్పావంటే చూడు. నేను పోగొట్టుకోలేదు, తవ్వాను. తవ్వితే అదే వచ్చింది."

సాయంత్రం పని అవగానే మావయ్య కొట్టుకి పరిగెత్తాను. నెలాఖరు దాకా టీవీ వస్తుందని చెప్పినా వినకుండా మావయ్య దాన్ని గోడ మీంచి దింపేశాడు. బెంచీ సగం ఖాళీ. అత్తయ్య ఆ పెట్టెని బట్టలో చుట్టి, మళ్ళీ ఎవరైనా ఆఫర్ ఇస్తారేమోనన్నంత గట్టిగా ముడి వేస్తోంది.

మావయ్య చేతులు తుడుచుకుని రోడ్డు దాటాడు. వెనకే నేను. గడియారం బాబాయి భూతద్దం తీయకుండానే తల ఎత్తాడు.

"ఒరేయ్, పెట్టె తీసేశాను" అన్నాడు మావయ్య.

"చూశాను. అద్దంలోంచి అంతా కనబడుతుంది నాకు."

"ఊరికే చేస్తానని ఇంకెప్పుడూ అనను. పూర్తి డబ్బు తీసుకుంటాను. జుట్టు ఎక్కువ కాబట్టి నాలుగు రూపాయలు ఎక్కువే తీసుకుంటాను."

బాబాయి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కంటి చుట్టూ అద్దం అంచు ఎర్రగా అచ్చుపడి ఉంది. "ఇన్నాళ్ళకి తిన్నగా ఒక మాట మాట్లాడావు" అని లేచాడు.

కుర్చీలో కూర్చోబెట్టి మెడ చుట్టూ గుడ్డ కట్టీ కట్టకముందే ఇద్దరూ మొదలుపెట్టారు. ఏడాదికి సరిపడా వాదన పేరుకుపోయి ఉంది మరి. డ్రైవరు పోట్లాటలో తప్పెవరిదన్న దగ్గర లేచిన గొంతులు రోడ్డు మలుపు దాకా వెళ్ళాయి. మావయ్య ఒక పక్కన నిలబడి ఒక మాట అంటాడు, బాబాయి తల తిప్పి రెండు మాటలు అంటాడు, కత్తెర గాల్లో ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. భుజాల మీది జుట్టంతా నేల మీద కుప్ప పడింది. అత్తయ్య చీపురు పట్టుకుని నిలబడి, ఊడ్చే సందు దొరక్క నవ్వుకుంటోంది.

చివరికి మావయ్య గుడ్డ దులిపి అద్దం చూపించాడు. ఎడమ చెంప పైకి ఉంది, కుడి చెంప కిందికి ఉంది. మునుపటి కన్నా ఘోరంగా.

బాబాయి అద్దంలో తనని తాను నిదానంగా చూసుకున్నాడు. ఆ వేళ్ళు అలవాటుగా జేబులో స్కేలు కోసం వెళ్ళాయి. కాసేపు అక్కడే ఆగాయి. తర్వాత డబ్బు తీసి, పూర్తిగా, బల్ల మీద పెట్టాయి.

"బాగానే కుదిరింది" అన్నాడు. "పొద్దున్నే వస్తాను, ఆ డ్రైవరు సంగతి ఇంకా తేలలేదు."